వరిలో సర్టిఫైడ్ విత్తనం పండించడం ఎలా: మూడు మీటర్ల ఎడం నుంచి నీలం ట్యాగ్ దాకా

ఖరీఫ్ నారుమళ్లు మొదలయ్యే ముందు ప్రతి ఏడూ ఇవే మూడు ప్రశ్నలు వస్తాయి. పక్క చేను దగ్గరగా ఉంది, విత్తనానికి పనికొస్తుందా? కేళీలు, అంటే చేలో కలిసిపోయిన వేరే రకం మొక్కలు, ఎన్నిసార్లు తీయాలి? ఫీల్డ్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక కూడా ల్యాబ్‌లో ఎందుకు కొట్టేశారు? మూడో ప్రశ్న నేను కూడా ఒకప్పుడు అడిగినదే, అందుకే దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. తెనాలి వైపు కాలవ కింద మాకున్న రెండెకరాల్లో సాంబ మసూరి, అంటే బాపట్ల రకం బీపీటీ 5204, విత్తనానికి వేస్తున్నాం కాబట్టి లెక్కలన్నీ దానివే చెబుతున్నాను. రకం వేరైనా పద్ధతి ఇదే. హైబ్రిడ్ వరి విత్తనం మాత్రం పూర్తిగా వేరే వ్యవహారం, దాన్ని దీనితో కలపకండి.

ముందే ఒక్క మాట. వరి తన పుప్పొడితో తానే గింజ కట్టే పంట. పువ్వు విచ్చుకునేసరికే లోపల పని చాలావరకు అయిపోతుంది, గాలిలోకి వచ్చిన పుప్పొడి కొద్ది నిమిషాలకు మించి బతకదు. కాబట్టి పక్క చేను పుప్పొడి మీకు చేసే చెరుపు కొంచెమే. అసలు చెరుపంతా మనుషుల చేతుల మీదుగా, సంచుల్లో, మిషన్లలో వచ్చే కల్తీ గింజలదే.

దగ్గర ఉండాల్సినవి

- తెల్ల ట్యాగ్ ఉన్న ఫౌండేషన్ విత్తనం, ఎకరానికి 20 కిలోల లెక్కన. దాని నుంచి పండించేదే నీలం ట్యాగ్ పడే సర్టిఫైడ్ విత్తనం. నీలం ట్యాగ్ విత్తనం వేసి మళ్లీ సర్టిఫైడ్ చేయించుకోవడం మామూలుగా కుదరదు.
- ఆ సంచుల ట్యాగులు, కొన్న బిల్లు. నారు పోయగానే సంచి పారేసేవాళ్లు చాలామంది. ఇన్‌స్పెక్టర్ మొదట అడిగేది వాటినే.
- విత్తన ధ్రువీకరణ సంస్థలో రిజిస్ట్రేషన్. విత్తనం కంపెనీ కోసం పండిస్తుంటే వాళ్లే చేయిస్తారు, కానీ మీ సర్వే నంబరు సరిగ్గా పడిందో లేదో మీరే చూసుకోండి.
- కొత్త గోనె సంచులు, రెండు పెద్ద పట్టాలు, కొలిచే టేపు.
- కేళీలు గుర్తుపట్టగల ఇద్దరు మనుషులు. వీళ్లు దొరకడమే కష్టం.

1. మడి ఎంచుకోవడం

పోయిన ఖరీఫ్‌లో ఆ మడిలో ఏ రకం వేశారో గుర్తు తెచ్చుకోండి. అదే రకమైతే ఇబ్బంది తక్కువ. వేరే రకమైతే కోతలో రాలిన గింజ నేలలోనే ఉంటుంది, నీళ్లు పెట్టగానే మొలుస్తుంది. మధ్యలో మినుము వేశాం కదా, పోయి ఉంటుందిలే అనుకోకండి. కాలవ నీళ్లు రాగానే ఒకసారి తడిపి దమ్ము చేసి, పది పదిహేను రోజులు వదిలేయండి. రాలిన గింజ మొలిచాక మళ్లీ దమ్ము చేసి తొక్కించండి. రెండో దమ్ముకి ట్రాక్టరు ఖర్చు ఎక్కువవుతుంది, నిజమే, కానీ ఆ డబ్బు కేళీల కూలిలో మిగులుతుంది.

వెదజల్లే పద్ధతి విత్తనం చేలో వద్దు. వరసలు లేని చోట రాలిన గింజ మొక్క ఏదో, మనం చల్లిన మొక్క ఏదో తెలియదు. నాటించండి, ప్రతి రెండు మీటర్లకూ ఒక జానెడు కాలిబాట వదిలించండి. ఆ బాటలే తర్వాత కేళీలు తీసేవాళ్లకు దారి.

2. మూడు మీటర్ల ఎడం

వరి రకాలకు ఫౌండేషన్‌కైనా సర్టిఫైడ్‌కైనా పక్క వరి చేను నుంచి ఉండాల్సిన ఎడం మూడు మీటర్లే. పక్క చేలో కూడా బీపీటీనే వేశారు కదా, గట్టు చాలదా అని అడుగుతారు. చాలదు. పక్క చేను కూడా ధ్రువీకరణకు తగినంత శుద్ధంగా ఉంటే తప్ప అదే రకమైనా మూడు మీటర్లు ఉండాల్సిందే. పక్కాయన ఇంట్లో దాచిన వడ్లే చల్లి ఉంటే అందులో ఏముందో ఆయనకే తెలియదు.

మన దగ్గర గట్టు మహా అయితే అర మీటరు ఉంటుంది. అంటే ఇంకా రెండున్నర మీటర్లు కావాలి. ఎకరం మడిని ఇంచుమించు 64 మీటర్ల చదరం అనుకుంటే, ఒక వైపు రెండున్నర మీటర్లు వదిలితే పోయేది 160 చదరపు మీటర్లు, అంటే నాలుగు సెంట్లు. నాలుగు వైపులా వేరే చేలే ఉంటే పదిహేను సెంట్లకు పైనే పోతుంది. ఎకరం, అరెకరం చిన్న మడుల్లో విత్తనం గిట్టుబాటు కాకపోవడానికి ఇదొక కారణం.

వదలడమంటే బీడు పెట్టడం కాదు. అక్కడ కూడా అదే నారు నాటండి, రిజిస్ట్రేషన్‌లో మాత్రం ఆ మేర చూపించకండి. కోతప్పుడు ఆ పట్టీని ముందే కోసి, వడ్లు వేరుగా పోసి మిల్లుకి పంపండి. పక్కాయన ఒప్పుకుంటే ఇంకో దారి ఉంది. మీ దగ్గర మిగిలిన ఫౌండేషన్ నారే ఆయన అంచున రెండు మూడు మీటర్ల మేర నాటిస్తే సరి. మా ఇంట్లో తూర్పు గట్టుకి ఏటా ఇలాగే చేస్తాం, నారు మనది, నాటు కూలి ఆయనది. ఆ పట్టీలోని కేళీలు కూడా మీరే తీయాలి, అది మర్చిపోవద్దు.

తప్పు జరిగే చోటు: ఎడం కొలిచేది గట్టు మధ్య నుంచి కాదు, మీ చివరి వరస నుంచి పక్క చేను మొదటి వరస దాకా. ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకొచ్చేదాకా ఆగకుండా నాటిన రోజే మీరు కొలవండి.

3. నారుమడి, నాట్లు

విత్తనాన్ని లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ కలిపిన నీళ్లలో 24 గంటలు నానబెట్టి, 24 గంటలు మండె కట్టి, దంప నారుమడిలో చల్లండి. నారుమడిని పాత కళ్లం చోట మాత్రం పెట్టకండి, అక్కడ ఏయే రకాలు రాలాయో చెప్పలేం.

నాట్ల రోజు మీరు చేలోనే ఉండండి. ఒక మూల నారు తగ్గుతుంది, ముఠా మేస్త్రి పక్క చేను గట్టు మీద మిగిలిన కట్టలు నాలుగు తెచ్చి పూర్తి చేసేస్తాడు. ఆయన ఉద్దేశం మంచిదే. మీ విత్తనం మాత్రం అక్కడే పోతుంది. వారం తర్వాత ఖాళీలు నింపేటప్పుడు కూడా ఇదే ప్రమాదం, అందుకే నారుమడి మూలన కాస్త నారు ఉంచుకోండి. అది అయిపోతే ఖాళీని ఖాళీగానే వదిలేయండి.

4. కేళీలు తీయడం

కొందరు బెరుకులు అంటారు, మా వైపు కేళీలంటాం. నాలుగు విడతలు తప్పవు.

మొదటిది పిలకల దశలో. ఆకు రంగు, మొదలు దగ్గర తొడిమ రంగు చూడాలి. పచ్చ మొదళ్ల మధ్య ఒక దుబ్బు ఊదా రంగు మొదలుతో ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, పీకేయడమే. ఊద గడ్డి కూడా ఈ విడతలోనే పోవాలి.

రెండోది ఈనిక మొదలయ్యేటప్పుడు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. చేనంతా పొట్ట మీద ఉండగా నాలుగైదు రోజులు ముందే కంకి బయటపెట్టినవి దూరానికే కనిపిస్తాయి. పువ్వులు విచ్చుకునేది పొద్దున తొమ్మిది దాటాక, కాబట్టి ఆ రోజుల్లో తెల్లవారగానే దిగి తొమ్మిదిలోపు ముగించండి.

మూడోది ఈనిక అయిపోయే సమయంలో. అందరికన్నా వెనక ఈనేవి, ఎత్తు ఎక్కువున్నవి, కంకికి మీసాలున్నవి తీయాలి.

నాలుగోది గింజ గట్టిపడి కంకి వంగాక, కోతకు వారం పది రోజుల ముందు. ఇప్పుడు చూడాల్సింది గింజనే. బీపీటీ గింజ సన్నం. మధ్యలో ముతక గింజ, ముదురు రంగు పొట్టు, కొనకు రంగు చుక్క ఉన్న కంకి కనిపిస్తే దుబ్బు లాగేయండి. అనుమానమొస్తే రెండు గింజలు గోటితో ఒలిచి చూడండి. లోపల బియ్యం ఎర్రగా ఉంటే అది అడవి వరి అని అనుమానించాలి. దానికి పరిమితి మరీ కఠినం, సర్టిఫైడ్‌కి పొలంలో 0.02 శాతం, అంటే పది వేల మొక్కల్లో రెండు. అది గింజ మాగుతూనే రాలిపోతుంది, కాబట్టి నాలుగో విడత దాకా ఆగితే సగం మీ నేలలోనే పడి ఉంటుంది.

ఎలా తీయాలంటే, సూర్యుడు వెనక ఉండేలా నడవండి, ఎండ ఎదురుగా ఉంటే రంగు తేడా తెలియదు. ఒక్కో మనిషి ఒక్కో బాట పట్టుకుని, కుడి ఎడమల మీటరు మీటరే చూడాలి. దుబ్బు వేళ్లతో సహా రావాలి. కంకి మాత్రమే తెంపితే మిగతా పిలకలు కింది నుంచి ఇంకో కంకి వేస్తాయి, అది మీకు కనిపించదు కూడా. పీకినదాన్ని చేలోనే తొక్కొద్దు, గట్టు మీదా పడేయొద్దు. గోనె సంచిలో వేసుకుని బయటికి మోయాలి.

కూలి రోజు లెక్కన ఇవ్వండి. ఒక ఏడాది కట్టకింత అని మాట్లాడుకుంటే సాయంత్రానికి కట్టలు బ్రహ్మాండంగా వచ్చాయి, విప్పి చూస్తే సగం మన బీపీటీనే.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, ఎత్తుగా ఉన్నవి తీసేసి అయిపోయిందనుకోవడం. పొట్టి కేళీలు ఆకుల కింద దాక్కుంటాయి. మాకు పని చేసే ఒక అక్క ఉంది, ఆమె కాలిబాటలో వంగి, చేతి కర్రతో పై ఆకుల్ని ఒక పక్కకు నెట్టి కిందకి చూస్తుంది. మేం పైన చూసి బాగుందనుకున్న చేలోనే ఒక పూటలో ముప్పై దాకా పొట్టివి తీసింది. రెండోది, యూరియా కుప్ప పడిన చోట ఏపుగా పెరిగినవాటిని కేళీలనుకుని పీకడం. గుంపంతా ఎత్తుగా ఉంటే అది ఎరువు పని, ఒక్క దుబ్బే ఎత్తుగా ఉంటే అనుమానించాలి. మొదలు రంగు, గింజ పోల్చుకుని తేల్చుకోండి.

5. ఇన్‌స్పెక్షన్ కంటే ముందు మీరే లెక్క పెట్టండి

ఈనిక నుంచి కోత లోపల కనీసం రెండుసార్లు ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. ఐదెకరాల లోపు చేనుకి ఐదు చోట్ల, చోటుకి వెయ్యి కంకులు చూస్తారు. మొత్తం ఐదు వేలు. సర్టిఫైడ్‌కి కేళీల పరిమితి 0.20 శాతం, అంటే ఐదు వేలలో పది. ఫౌండేషన్‌కి 0.05 శాతమే.

మా తోడల్లుడి చేలో జరిగింది చెబుతాను. ఐదు చోట్లా వరసగా 2, 4, 1, 6, 2 వచ్చాయి. మొత్తం 15, అంటే 0.30 శాతం. పరిమితికి రెట్టింపు దాటితే, అంటే ఇరవై మించితే, అక్కడితో సరి. రెట్టింపు లోపలే ఉంది కాబట్టి రెండో విడత లెక్క తీశారు, ఈసారి 1, 3, 0, 2, 2, మొత్తం 8. రెండూ కలిపితే పది వేలలో 23, అంటే 0.23. ఇంకా ఎక్కువే. కేళీలు తీసేస్తే బాగయ్యే లోపమే కనుక, తీయించి మళ్లీ పిలవమన్నారు. ఆరు వచ్చిన చోటు ఏదా అని చూస్తే గట్టు వార, ఖాళీలకు పక్క చేను నారు పెట్టిన మూల. ఆ మూల పదిహేను సెంట్లు వరసవరసా గాలిస్తే చేను పాసయింది.

మీరూ ఇలాగే లెక్క పెట్టండి. మంచి దుబ్బుకి పది కంకులు వేసుకుంటే చోటుకి వంద దుబ్బులు. గట్టు వార ఒకటి, మధ్యలో మూడు, నీళ్లు వచ్చే మడవ దగ్గర ఒకటి. చేను పడిపోయి ఉంటే మాత్రం లెక్క తీయలేరు, లెక్క లేకుండా పాస్ చేయరు, కాబట్టి యూరియా దగ్గర చేయి బిగపట్టుకోండి. బీపీటీ అసలే పడిపోయే రకం.

6. పొలంలో పాస్, ల్యాబ్‌లో ఫెయిల్ ఎందుకంటే

పొలంలో పరిమితి వెయ్యికి రెండు. సంచిలో పరిమితి కిలోకి ఇరవై వేరే రకం గింజలు. ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ కావు.

బీపీటీ వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు తూగుతాయి. కిలోకి దగ్గర దగ్గర 66 వేల గింజలు. వెయ్యికి రెండు చొప్పున కల్తీ ఉంటే కిలోలో 130 పైచిలుకు. పరిమితి ఇరవై! అంటే అంచుల మీద పాసైన చేను, ఆ కేళీల గింజ కంటికి తేడాగా కనిపించే రకమైతే, ల్యాబ్‌లో పోయే అవకాశమే ఎక్కువ. గ్రేడింగ్‌లో కొంత పోతుంది, అన్నీ పోవు.

ఇరవై లోపల రావాలంటే పొలంలో పది వేలకు మూడు మించకూడదు. చదరపు మీటరుకి 33 దుబ్బులు నాటితే ఎకరంలో 1.33 లక్షల దుబ్బులుంటాయి. పొలం పరిమితి ప్రకారం 260 దాకా కేళీలు ఉండొచ్చు. ల్యాబ్ ప్రకారం చూసుకుంటే నలభైకి మించి మిగలకూడదు. మీ సొంత లెక్కలో ఐదు వేలకు ఒకటో రెండో వస్తే కోయండి. నాలుగైదు వస్తే చట్టప్రకారం పాసే, కానీ ఇంకో విడత తీయించండి.

7. కోత

మా మొదటి ఏడాది పొలంలో ఐదు వేలకు రెండే వచ్చాయి. రెండెకరాలకు 56 బస్తాలు, 4,200 కిలోలు. గ్రేడింగ్ అయ్యాక తీసిన శాంపిల్లో కిలోకి 34 ముతక గింజలు. లాట్ పోయింది, మిల్లు ధరకి అమ్ముకున్నాం. నేను ముందు కేళీలు తీసినవాళ్ల మీద విసుక్కున్నాను. తర్వాత కూర్చుని లెక్కేస్తే, 4,200 కిలోల్లో 34 చొప్పున లక్షా నలభై మూడు వేల గింజలు, ముతక రకం వెయ్యికి 22 గ్రాములనుకుంటే మూడు కిలోల చిల్లర. కోత మిషన్ ఆ పొద్దున వేరే ఊళ్లో ముతక రకం కోసి నేరుగా మా చేలో దిగింది. దాని కడుపులో మూడు కిలోలు ఉండటం పెద్ద విషయం కాదు.

కాబట్టి మిషన్ చేలోకి దిగకముందే గట్టు మీద ఆపించండి. ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి, కింది మూతలు తీయించి, జల్లెడలు, గింజ ఎక్కే గొట్టం, ట్యాంకు మూలలు చీపురుతో ఊడ్పించండి. డ్రైవరు విసుక్కుంటాడు, టీ డబ్బులు మాట్లాడుకోండి. ఆ తర్వాత ముందు ఎడం పట్టీని కోయించండి. అది ఎలాగూ మిల్లుకే, మిషన్‌లో మిగిలిన గింజ దానితో కొట్టుకుపోతుంది. ఎడం పట్టీ లేనివాళ్లు మొదటి రెండు బస్తాలు పక్కన పెట్టేయండి.

డ్రమ్ము వేగం తగ్గించమనండి. వేగం ఎక్కువైతే పొట్టు ఊడిన గింజ పెరుగుతుంది, దానికి పరిమితి 2 శాతం. చేతి కోత, నూర్పిడి చేయించుకోగలిగితే అన్నిటికన్నా మేలు, కానీ కూలీలు దొరికే రోజులా ఇవి.

8. ఆరబెట్టడం, ఇంట్లో పరీక్ష

రోడ్డు మీద వద్దు, నిన్న ఎవరివో ఆరబోసిన చోటే మీరూ పోస్తారు. సొంత పట్టా దులిపి, తిరగేసి చూసి పరవండి. తేమ 13 శాతానికి దిగాలి. మీటరు లేకపోతే గాజు సీసాలో పొడి ఉప్పు, గుప్పెడు వడ్లు వేసి బాగా కుదిపి పావుగంట ఉంచండి. ఉప్పు గోడలకు అంటుకుంటే ఇంకా పదిహేను శాతం పైనే ఉందని అర్థం. అంటుకోకపోయినా ఇంకో ఎండ పడనివ్వండి.

ధ్రువీకరణకు మొలక 80 శాతం, శుద్ధమైన గింజ 98 శాతం ఉండాలి. తడి గోనె పట్టాలో వంద గింజలు వరసగా పెట్టి చుట్టి వారం ఉంచండి. వేరు, మొలక రెండూ సరిగ్గా ఉన్నవే లెక్క, వేరు ఒక్కటే పొడిచినవి లెక్కలోకి రావు. ఇలా రెండు మూడు చుట్టలు పెట్టి సగటు తీయండి. కోసిన వారంలోనే పరీక్షిస్తే కొన్ని రకాల్లో నిద్రావస్థ వల్ల మొలక తక్కువ చూపిస్తుంది. టెన్షన్ పడకుండా మూడు నాలుగు వారాలు ఆగి మళ్లీ పెట్టండి. తడిసిన చేను సంగతి వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన చేలల్లో కంకి మీదే మొలకలొచ్చాయి. అలాంటి గింజకి ఎంత ఆగినా మొలక శాతం పెరగదు, విత్తనం ఆశ వదిలేసి వడ్లుగా అమ్ముకోవడమే. చేనులో సగమే పడితే నిలబడిన భాగాన్ని వేరుగా కోసి, వేరుగా కుట్టండి.

కల్తీ చూసుకోవడానికి పది సంచుల నుంచి గుప్పెడు గుప్పెడు తీసి కిలో తూకం వేసి, తెల్లగుడ్డ మీద పలచగా పరచండి. కిలో ఏరడానికి ఇద్దరికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఇరవై దాటితే గ్రేడింగ్ చేసేవాళ్లతో ముందే చెప్పండి, ముతక గింజైతే జల్లెడ మార్చి కొంత తీయొచ్చు. సన్న గింజ కల్తీ అయితే జల్లెడ ఏమీ చేయలేదు.

లాట్ ఇచ్చేటప్పుడు అదే గుప్పెళ్లతో తీసిన ఇంకో కిలోని మీ దగ్గర ఉంచుకోండి, సంచి మీద తేదీ, మడి పేరు రాసి. నీలం ట్యాగులు వచ్చేదాకా దాన్ని కోళ్లకు వేయకండి. ట్యాగు వచ్చాక దాని మీద పరీక్ష తేదీ చూడండి. గడువు ఆ రోజు నుంచి తొమ్మిది నెలలు, కోసిన రోజు నుంచి కాదు.